పలమనేరు టమోటా, చెన్నై ధర: తేడా ఎక్కడికి పోతోంది?

టమోటాకి రైతుకి కిలో 8 రూపాయలు, చెన్నైలో 25 అనుకుందాం. ఈ తేడా అంతా దళారి లాభమేనా?

అంతా కాదు, అందులో దాదాపు మూడో వంతు దారిలో పాడయ్యే కాయ, కూలీ, లారీ బాడుగలే తినేస్తాయి, కానీ రైతుకి ఆ 8 కూడా పూర్తిగా దక్కదు.

ఒక లెక్క వేద్దాం. రైతు 25 కిలోల బాక్సులు 40, అంటే 1000 కిలోలు మండీకి తెచ్చాడు, వేలంలో 8 పలికింది. 8000లో కమీషన్ పదిశాతం 800, కోత కూలీ 1500, ఆటో బాడుగ 800 పోతే మిగిలేది 4900, కిలోకి 5 కూడా లేదు. ఇక కొన్నవాడు మెత్తబడినవి, పగిలినవి 100 కిలోలు ఏరేస్తాడు, ప్యాకింగ్‌కి 1000, లారీకి 2000 పెడతాడు. చెన్నైలో అంగడివాళ్ల దగ్గర ఇంకో 90 కిలోలు చెడిపోతాయి. ఖర్చు 11000, అమ్ముడయ్యేది 810 కిలోలు. ఎవరూ రూపాయి లాభం వేసుకోకముందే కిలో పదమూడున్నర దాటింది! ఆపైనే అంగడి బాడుగ, అందరి లాభాలూ.

మరి రైతు నలిగేదెక్కడ? వేలం దగ్గర. పండిన కాయ రేపటికి ఆగదు, ధర నచ్చకపోయినా వెనక్కి తీసుకెళ్లలేడు, అది కొనేవాడికి తెలుసు. పైగా తరుగు పేరుతో బాక్సుల లెక్కలో కోత పెడతారు, మండీలో అడ్వాన్స్ తీసుకున్న రైతైతే వేరే చోటికి పోనూ లేడు.

దళారిని తీసేస్తే 25 రైతుకే వస్తుందనుకోవడం పొరపాటు. ఏరడం, లారీ, చెడే కాయ అప్పుడు రైతు నెత్తినే పడతాయి. నలుగురైదుగురు రైతులు ఊళ్లోనే గ్రేడింగ్ చేసి ఒకే లారీ నింపితే బాడుగ, తరుగు తగ్గుతాయి.