అక్క పెళ్లికి సెలవు దొరకాలంటే...

ప్రశ్న: మాది పలాస అండి. మా చిన్నమ్మాయి శ్రీకాకుళంలో నలుగురు పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మూడేళ్లుగా చేస్తోంది. జీడిపప్పు వ్యాపారులకి, మందుల షాపులకి బిల్లింగ్ ప్రోగ్రాం ఇస్తారు. సర్వర్, బ్యాకప్, నెలాఖరు రిపోర్టులు అన్నీ తనే చూస్తుంది. ఫిబ్రవరి మొదటి వారంలో పెద్దమ్మాయి పెళ్లి. ఓనరుగారు "నువ్వు లేకపోతే ఆఫీసు ఆగిపోతుందమ్మా" అంటున్నారట. పని ఇంకొకరికి నేర్పి వెళ్దామంటే, నేర్పేశాక దీని అవసరం తీరిపోతుందేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: నేర్పమనే చెప్పండి. అదీ ఈ నవంబరు దాటకుండా మొదలుపెట్టమనండి. ఎందుకో చెప్తాను.

ఓనరుగారు అన్న మాటకి మా రంగంలో ఒక పేరుంది, బస్ ఫ్యాక్టర్. ఎంతమంది ఒక్కసారిగా రాకుండా పోతే పని ఆగిపోతుందో, ఆ సంఖ్య అన్నమాట. 1994లోనే, ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష వాడేవాళ్లలో ఒకరు, దాన్ని తయారుచేసిన గైడో వాన్ రోసమ్‌ని బస్సు గుద్దితే మన గతేమిటని అడిగారు. మీ అమ్మాయి ఆఫీసులో ఆ సంఖ్య ఒకటి. అంటే మీ అమ్మాయే వాళ్ల సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్, తనొక్కతి లేకపోతే మొత్తం ఆగిపోయే చోటు. అది గొప్ప హోదాలా అనిపిస్తుంది కానీ, ఆ కుర్చీలోంచి కదలనివ్వరు. సెలవు ఇవ్వరు, కొత్త పని అప్పజెప్పరు, మానేస్తానంటే రిలీవింగ్ లెటర్ దగ్గర సాగదీస్తారు.

ముందు తను ఒక కాగితం మీద పనులన్నీ రాయాలి. ఒక్కో పని ఎదురుగా, తనకి ఫోన్ చెయ్యకుండా దాన్ని చేయగలిగినవాళ్లు ఎందరో వెయ్యాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. "సర్వర్ సంగతి తమ్ముడికీ తెలుసు" అంటారు. చూసిన మనిషిని లెక్కలో వెయ్యకూడదు, కనీసం ఒకసారి తన చేత్తో చేసినవాణ్ణే వెయ్యాలి. పైగా సగటు చూసుకుని లాభం లేదు. పది పనుల్లో తొమ్మిదింటికి ఇద్దరున్నా, పదోదానికి ఒక్కరే ఉంటే ఆఫీసు ఆ పని దగ్గరే ఆగుతుంది. ప్రోగ్రాంలో ఏ భాగాన్ని ఎవరు ముట్టుకున్నారో తెలియాలంటే, ప్రోగ్రాం మార్పుల చిట్టా ఉంచే గిట్‌లో ఆ ఫోల్డర్ పేరుతో ఇది కొడితే చాలు:

```
git shortlog -sn HEAD -- reports/
```

మనుషుల పేర్లు, పక్కన ఎన్నిసార్లు మార్చారో వస్తాయి. ఒక్క పేరే వస్తే సంగతి తేలిపోయినట్టే. అయితే సర్వర్ పని, పాస్‌వర్డులు ఇందులో కనపడవు. వాటికి కాగితమే గతి.

మీ ఇంటి పరిస్థితి చూస్తే మొదట కదలాల్సింది పాస్‌వర్డులు, ఓటీపీలు. డొమైన్, సర్వర్, పేమెంట్ ఖాతాల ఓటీపీలు తన సొంత నంబరుకే వస్తుంటాయి, చిన్న ఆఫీసుల్లో మామూలుగా జరిగేది అదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ పలాస వైపు రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేని సంగతి మీకు నేను చెప్పాలా? అలాంటప్పుడు తను ఇంటి దగ్గరుంటే, శ్రీకాకుళంలో ఎంత తెలిసినవాడున్నా ఆ ఓటీపీ లేక చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. కాబట్టి మొదటి వారంలోనే ఆఫీసు పేరున ఒక సిమ్ తీసుకుని నంబర్లు దానికి మార్చాలి. ప్రతి ఖాతాలో ఓనరుగారిని రెండో అడ్మిన్‌గా పెట్టాలి. పాస్‌వర్డులు వాట్సాప్‌లో పంపకుండా ఆఫీసుకంతా ఒక పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోవాలి. దీనికి ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు, రెండు పూటల పని.

ఇక అసలు చిక్కు నెలాఖరు రిపోర్టు. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసే వ్యాపారులకి, అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు మర్నెల 11. అంటే ఫిబ్రవరి 1 నుంచి 11 దాకా ఫోన్లు మోగుతూనే ఉంటాయి, పెళ్లి కూడా సరిగ్గా అప్పుడే. అదృష్టం కొద్దీ మధ్యలో రెండు నెలలున్నాయి. డిసెంబరు మొదట్లో తను చేస్తుంటే రెండో మనిషి పక్కన కూర్చుని రాసుకోవాలి. జనవరిలో కీబోర్డు అతని చేతికివ్వాలి, తను వెనక కుర్చీలో ఉండాలి. అతను తప్పు నొక్కబోతున్నా, డేటా పోయే ప్రమాదముంటే తప్ప నోరు మెదపకూడదు. ఫిబ్రవరిలో అతనొక్కడే.

ఆ నోట్సు మీ అమ్మాయి రాయకూడదు. ఇది నేను ఎదురుదెబ్బ తిని నేర్చుకున్నది. పాతికేళ్ల కిందట ఒక ఆఫీసు మానేస్తూ నలభై పేజీలు రాసిచ్చి వచ్చాను. వారంలోనే ఫోన్, "మేడం, ఫైలు ఎక్కించమన్నారు, ఎక్కడికి?" నాకు చేతి అలవాటుగా ఉన్న మెట్టు అసలు రాయనే లేదు. కొత్తగా నేర్చుకుంటున్న మనిషే రాస్తే, తనకి అర్థం కానిచోట కలం ఆగుతుంది. రాయాల్సింది అక్కడే. మీ అమ్మాయి చదివి దిద్దితే చాలు.

బ్యాకప్ కూడా అంతే. రోజూ బ్యాకప్ అవుతోందన్న మెసేజ్ చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. డిసెంబరులో ఒక సాయంత్రం ఆ రెండో మనిషి బ్యాకప్ ఫైలుని వేరే ఖాళీ మెషీన్లో తిరిగి ఎక్కించి, ఒక షాపు నిన్నటి బిల్లు తెరిచి చూపించాలి. ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోవాలి. ఆ బిల్లు కనపడేదాకా బ్యాకప్ లేనట్టే లెక్క.

నలుగురికీ అన్నీ నేర్పాలని మాత్రం కూర్చోవద్దనండి. నలుగురున్న చోట అది అయ్యే పని కాదు. ఒక్కో పనికి రెండో మనిషి ఒక్కడు చాలు. వారానికి రెండు మూడు గంటలు దీనికి పోతాయి, ఆ మేరకు తన పని వెనకబడుతుంది. ఆ మాట ఓనరుగారికి ముందే చెప్పాలి. పెళ్లి అయ్యాక కూడా నెల విడిచి నెల అతనే చెయ్యాలి. చేతిలో లేని పని రెండు మూడు నెలల్లో మర్చిపోతారు.

జనవరి రెండో పక్షంలో ఒక పరీక్ష పెట్టాలి. తను రెండు రోజులు సెలవులో ఉండాలి, ఫోన్ ఓనరుగారు ఒక్కరికే అందాలి. వచ్చిన ప్రతి ఫోనూ నోట్సులో లేని ఒక లైనే. వచ్చాక ఆ లైన్లు చేర్చుకోవాలి.

మీ భయం గురించి. నేర్పాక తక్కువ జీతానికి అతన్నే పెట్టుకుంటారా? అలాంటి ఓనరు ఉండొచ్చు, లేరని నేననను. కానీ రెండు నెలల్లో అతను నేర్చుకునేది పని నడపడం వరకే. రూలు మారితే రిపోర్టుని ఎలా మార్చాలి, కొత్త రకం షాపు వస్తే డేటా ఎలా అమర్చాలి అన్నది మీ అమ్మాయి మూడేళ్ల పని. గైడో సంగతే చూడండి. 2018లో ఆయన పైథాన్ మీద ఆఖరి మాట చెప్పే అధికారం వదులుకున్నాక, పైథాన్ వాళ్లు ఐదుగురి కౌన్సిల్‌ని ఎన్నుకున్నారు. 2019లో ఎన్నికైన ఆ మొదటి ఐదుగురిలో ఆయనా ఒకరు. రేపు విశాఖలోనో హైదరాబాదులోనో ఇంటర్వ్యూకి వెళ్తే, "అన్నీ నేనే చూసేదాన్ని" అన్న మాట కంటే "ఒకరి మీద నడిచే పనిని మూడు నెలాఖరుల్లో ఇద్దరి మీదకి తెచ్చాను, ఇలా చేశాను" అన్నదే వాళ్లు వింటారు.

సోమవారం ఓనరుగారి దగ్గరికి సెలవు చీటీతో వెళ్లొద్దనండి. పనుల కాగితం పట్టుకెళ్లి, ఒకటి అని ఉన్న వరసలు చూపించి, డిసెంబరు 1 నుంచి తన పక్కన ఎవరిని కూర్చోబెడతారో అడగమనండి. మనిషిని ఇవ్వనంటే ఓటీపీలు, బ్యాకప్ మాత్రం ఎలాగూ సరిచేసి, ఆ కాగితం కాపీ మెయిల్లో పంపి, పెళ్లి తేదీలు అందులోనే రాయమనండి.