రెగ్యులేటర్ మూయడం, వాల్వు మూయడం: రెండింటికీ ఒకే మాట వద్దు

"చీమకుర్తిలోని మా వర్క్‌షాపు కోసం ఒక అమెరికా గ్యాస్ వెల్డింగ్ గైడును తెలుగు చేస్తున్నాను. 'రెగ్యులేటర్ మూసి, ఆపై వాల్వు తెరవాలి' అని రాస్తే చాలునా? సిలిండర్ రంగుల పట్టికను ఉన్నదున్నట్టు ఉంచవచ్చునా?"

చాలదండీ. సిలిండర్ వాల్వు కుడివైపు తిప్పితే మూసుకుంటుంది. రెగ్యులేటర్ స్క్రూను కుడివైపు బిగిస్తే గ్యాస్ దారి తెరుచుకుని ప్రెషర్ పెరుగుతుంది. 'మూయండి' అని చదివిన వెల్డర్ అలవాటుకొద్దీ స్క్రూను బిగించి వాల్వు తెరిస్తే, సిలిండర్‌లోని ప్రెషర్ ఒక్కసారిగా లోపలి డయాఫ్రమ్ మీద, గొట్టం మీద పడుతుంది. కాబట్టి ఇలా రాయండి: "రెగ్యులేటర్ స్క్రూను ఎడమవైపు, పూర్తిగా వదులై చేతికి తేలికగా తిరిగేదాకా తిప్పండి. గేజీలకు ఎదురుగా కాక పక్కన నిలబడి, సిలిండర్ వాల్వును నెమ్మదిగా తెరవండి." దీని కిందనే పరీక్ష కూడా చేర్చండి: సిలిండర్ వైపు గేజీ ముల్లు పైకి లేవాలి, గొట్టం వైపుది సున్నా దగ్గరే ఉండాలి. స్క్రూ వదులుగా ఉన్నా రెండోది మెల్లగా పైకి పాకుతుంటే లోపలి సీటు లీకవుతున్నట్టే; వెంటనే వాల్వు మూసి, ఆ రెగ్యులేటర్‌ను పక్కన పెట్టాలి.

రంగుల పట్టికను మాత్రం అనువదించకండి, మార్చి రాయండి. అమెరికాలో వైద్య ఆక్సిజన్‌కు ఆకుపచ్చ వాడతారు. మన దేశంలో పరిశ్రమల ఆక్సిజన్ సిలిండర్ నలుపు, ఎసిటిలీన్‌ది మెరూన్. గ్యాస్ పేరు మాత్రం లేబుల్ చదివే నిర్ధారించుకోవాలని పట్టిక పైనే రాయండి.