వాట్సాప్‌లో తిరిగే ఫోటోని మొదట ఏ సైట్ వేసిందో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: మాది సింగరాయకొండ. గట్టిగా వాన పడితే చాలు, మా గ్రూపుల్లో ఏదో ఒక వరద ఫోటో "ఇప్పుడే" అంటూ వచ్చేస్తుంది. గూగుల్‌లో ఆ ఫోటో పెట్టి వెతికితే పది పదిహేను సైట్లు చూపిస్తోంది. వాటిలో మొదట వేసింది ఏదో ఎట్టా కనిపెట్టాలి?

జవాబు:

గూగుల్ ఆ సైట్ల పక్కన చూపించే తేదీని బట్టి మాత్రం తేల్చకండి. అది పేజీకి సంబంధించిన తేదీ. ఫోటో ఆ పేజీలోకి ఎప్పుడు వచ్చిందో అది చెప్పదు. నేను వెతికిన ఒక ఫోటో సంగతి చెబుతాను, ఎక్కడెక్కడ పొరబడే వీలుందో అందులోనే తెలుస్తుంది.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా కావలి బంధువుల గ్రూపులో ఒక ఫోటో తిరిగింది. రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడుతున్నాయి, కింద ఎర్రటి నీళ్ళు. పైన పసుపు రంగు అక్షరాల్లో "ఈ రోజు ఉదయం పడుగుపాడు" అని రాసి ఉంది. ఆ తుపానుకి చాలా రైళ్ళు రద్దయిన మాట నిజమే కాబట్టి అందరూ నమ్మారు. మా పెదనాన్న చెన్నైలో ఆసుపత్రికి వెళ్ళాల్సి ఉంది. "అబ్బయా, పట్టాలే కొట్టుకుపోయినాయంట కదా, ఇంక నెలదాకా బండ్లు తిరగవా?" అని ఫోన్ చేశారు. రైలు ఒక రోజు రద్దవడం వేరు, కట్టే పోవడం వేరు. ఆయన టెన్షన్ అంతా ఆ ఫోటో వల్లే.

నాకు ఒక అనుమానం వచ్చింది. 2021 నవంబర్‌లో పెన్నా వరదకి నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర నిజంగానే పట్టాల కింద కట్ట కోసుకుపోయింది, విజయవాడ–గూడూరు మార్గంలో రైళ్ళు ఆగిపోయాయి. ఊరు సరైనదే, సంవత్సరమే తప్పేమో అనిపించింది. మన వైపు తిరిగే వరద ఫోటోల్లో ఈ రకం ఎక్కువ. ఎక్కడో పరాయి దేశం ఫోటో అయితే ఎవరో ఒకరు పట్టేస్తారు. మన ఊరి పాత ఫోటో అయితే చూసినవాళ్ళు కూడా "అవును, అదే చోటు" అంటారు.

ముందుగా ఫైలు సంగతి. వాట్సాప్ ఫోటోని కుదించి పంపుతుంది, కెమెరా అందులో రాసిన తేదీ, చోటు లాంటి వివరాలు తీసేస్తుంది. ఫైలు పేరు `IMG-20231204-WA0017.jpg` లాగా ఉంటే అందులోని 20231204 అనేది ఆ ఫైలు మీ ఫోన్‌కి చేరిన తేదీ, ఫోటో తీసిన తేదీ కాదు. దాన్ని చూపించి "ఇదుగో, డిసెంబర్ 4 అని ఉంది కదా" అని వాదించేవాళ్ళు ఉంటారు. ఆ వాదన చెల్లదు.

తర్వాత, పైన అతికించిన రాతని కత్తిరించేయండి. లేకపోతే వెతికే యంత్రం ఆ పసుపు అక్షరాలనే పట్టుకుని అలాంటి రాతలున్న వేరే ఫోటోలు తెచ్చిపెడుతుంది. మూలన ఏదైనా ఛానల్ లోగో ఉంటే, కత్తిరించే ముందు అది ఎవరిదో రాసి పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

కత్తిరించిన ఫోటోని `images.google.com` లో కెమెరా గుర్తు నొక్కి ఎక్కించాను. మొదట కనిపించేవి "ఇలాంటి" ఫోటోలు, అంటే దేశంలో ఎక్కడెక్కడో కొట్టుకుపోయిన పట్టాలన్నీ. వాటిని వదిలేసి `Exact matches` అనే చోటికి వెళ్ళాలి. అక్కడ కూడా కళ్ళతో సరిచూసుకోక తప్పదు. అదే పడుగుపాడులో అదే రోజు వేరేవాళ్ళు తీసిన ఫోటోలు కూడా వస్తాయి. నేను గుర్తు పెట్టుకున్నది ఎడమ పక్క వంగిన కరెంటు స్తంభం, పట్టాల నుంచి విడిపోయి వేలాడుతున్న రెండు స్లీపర్లు. ఈ రెండూ అదే కోణంలో ఉంటేనే అదే ఫోటో అని లెక్క.

`tineye.com` లో కూడా పెట్టి చూడండి. అందులో ఫలితాలని `Oldest` అని వరుస పెట్టుకునే సౌకర్యం ఉంది. కానీ ఆ వరుస టిన్‌ఐ ఆ ఫోటోని ఎప్పుడు చూసిందో దాని ప్రకారం ఉంటుంది. సైట్ వేసిన రోజుకీ టిన్‌ఐ చూసిన రోజుకీ మధ్య నెలలు గడిచిపోవచ్చు. "ఈ తేదీకల్లా ఈ ఫోటో ఇంటర్నెట్‌లో ఉంది" అనడానికి మాత్రం అది గట్టి ఆధారం. మన జిల్లాల చిన్న వెబ్‌సైట్ల ఫోటోలు అందులో చాలాసార్లు అసలు దొరకవు, నా ఫోటో కూడా దొరకలేదు. దొరకనంత మాత్రాన అది కొత్త ఫోటో అనుకోకూడదు.

ఇక గూగుల్ ఇచ్చిన సైట్ల దగ్గరికి వద్దాం. వాటిలో అన్నిటికంటే పాత తేదీ 2019 చూపించింది. అదే నిజమైతే 2021 వరద ఫోటో అనే నా అనుమానమే తప్పు. పేజీ తెరిచి చూస్తే అది రొయ్యల ధరల గురించిన వార్త. పట్టాల ఫోటో ఆ వార్తలో ఎక్కడా లేదు. జరిగింది ఏమిటంటే, ఇలాంటి సైట్లలో ప్రతి పాత పేజీ పక్కనా "తాజా వార్తలు" అని చిన్న చిన్న బొమ్మలు మారుతూ ఉంటాయి. గూగుల్ ఆ పాత పేజీని మళ్ళీ చూసిన రోజున పక్కన ఈ బొమ్మ ఉంది. దాంతో పేజీకున్న పాత తేదీని కొత్త బొమ్మకి జతచేసి చూపించింది. మొదట వేసిన సైట్ కోసం వెతికేవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అందుకే ఫలితం ఎంత పాతదిగా కనిపిస్తే అంత జాగ్రత్తగా పేజీ తెరిచి, ఫోటో వార్త మధ్యలో ఉందా, ఫోటో కింది వాక్యం ఆ ఫోటో గురించేనా అని చూడాలి.

ఆ పేజీని తీసేస్తే మిగిలినవన్నీ 2021 నవంబర్ 21, ఆ తర్వాతివి. వాటిలో రెండు సైట్లు ఒకే రోజువి. కంప్యూటర్‌లో పేజీ మీద కుడి క్లిక్ చేసి `View page source` తీసి, అందులో `datePublished` అని వెతికాను. ఒకదానిలో, తర్వాత రెండోదానిలో ఇలా ఉంది:

```
"datePublished": "2021-11-21T09:05:00+05:30"
"datePublished": "2021-11-21T04:20:00+00:00"
```

చూడగానే రెండోది ముందు అనిపిస్తుంది, నాలుగు గంటల ఇరవై నిమిషాలు కదా. చివర ఉన్న `+00:00` చూడండి. అది గ్రీన్విచ్ సమయం. మన సమయంలోకి మార్చాలంటే అయిదున్నర గంటలు కలపాలి, అంటే ఉదయం 9:50. మొదటిదానికి `+05:30` ఉంది కాబట్టి అది మన సమయమే, 9:05. కాబట్టి మొదటి సైటే 45 నిమిషాలు ముందు వేసింది. పక్కనే `dateModified` అని ఇంకో తేదీ ఉంటుంది, అది చివరిసారి మార్చిన సమయం. రెంటినీ కలిపేసుకోవద్దు.

అయినా ఆ తేదీలు సైట్ వాళ్ళు రాసుకున్నవే. ఉదయం వేసిన వార్తలో సాయంత్రం ఫోటో మార్చినా `datePublished` మారదు. అందుకే ఫోటో మీద కుడి క్లిక్ చేసి దాని సొంత చిరునామా చూడాలి. చాలా తెలుగు వార్తా సైట్లు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి, వాటిలో చిరునామా ఇలా ఉంటుంది:

```
/wp-content/uploads/2021/11/track-300x169.jpg
```

మధ్యలో ఉన్న 2021/11 సంవత్సరం, నెల. మామూలుగా అది ఫోటో ఎక్కించిన నెల, కానీ పాత వార్తలోకి కొత్తగా ఫోటో చేర్చితే ఆ పాత వార్త నెల ఫోల్డర్‌లోకి వెళ్ళవచ్చు. చివర ఉన్న `-300x169` తీసేసి మళ్ళీ తెరిస్తే సాధారణంగా అసలు సైజు ఫోటో వస్తుంది. నేను రెండు సైట్ల ఫోటోలనీ అలా తెరిచి పక్కపక్కన పెట్టాను. 9:05 సైట్‌లోది పెద్దది, కుడి వైపు గట్టు కూడా పూర్తిగా కనిపిస్తోంది. 9:50 సైట్‌లో ఆ గట్టు కత్తిరించి, మూలన తమ లోగో వేసుకున్నారు. కత్తిరించిన దాంట్లోంచి కత్తిరించని ఫోటో రాదు కాబట్టి, మొదటి సైట్ రెండోదాని నుంచి తీసుకోలేదని ఖాయమైంది. గడియారం చెప్పిందీ, ఫోటో చెప్పిందీ ఒకటే అయినప్పుడు నేను నమ్ముతాను. రెంటికీ పొసగకపోతే ఫోటోనే ఎక్కువ నమ్ముతాను.

చివరగా ఆ రెండు పేజీల చిరునామాలనీ, ఫోటో చిరునామాలనీ, పాత వెబ్ పేజీల నకళ్ళు దాచిపెట్టే `web.archive.org` లో పెట్టాను. 9:05 పేజీకి 2021 నవంబర్‌లోనే తీసిన నకలు ఉంది, ఆ ఫోటో చిరునామాకి కూడా అదే నెలలో తీసిన నకలు ఉంది. ఆ నకలు తేదీని సైట్ వాళ్ళు మార్చలేరు. చిన్న సైట్లకి నకలు లేకపోవడం మామూలే, నాకు దొరకడం బాగుంది.

ఇక్కడ ఒక హద్దు ఉంది. ఆ సైటే లోకంలో మొదట వేసిందని నేను చెప్పలేను. పడుగుపాడులో ఎవరో ఫోన్‌తో తీసి తెల్లవారుజామున వాట్సాప్‌లో పంపి ఉండవచ్చు, ఫేస్‌బుక్‌లో పెట్టి ఉండవచ్చు. ప్రైవేటు గ్రూపులు, చాలా ఫేస్‌బుక్ పోస్టులు ఈ వెతుకులాటకి అందవు. ఆ సైట్‌లో ఫోటో కింద ఎవరు తీశారన్న పేరు లేదు, అంటే వాళ్ళకీ ఎవరో పంపినదే కావచ్చు. ఏజెన్సీ పేరో విలేఖరి పేరో ఉంటే అక్కడి నుంచి ఇంకో మెట్టు వెనక్కి వెళ్ళవచ్చు. మీరు ఆ ఫోటోని ఎక్కడైనా వాడుకోవాలని హక్కుదారు కోసం వెతుకుతుంటే ఈ తేడా చాలా ముఖ్యం. గ్రూపులో వచ్చిన మాట నిజమా కాదా తేల్చడానికైతే అంత దూరం వెళ్ళనక్కర్లేదు. 2023 డిసెంబర్ ఫోటో 2021 నవంబర్ నకలులో ఉండే వీలు లేదు, అదొక్కటి చాలు.

ఫోటో పాతదని తేలినంత మాత్రాన ఈ రోజు పట్టాలు బాగున్నాయని కూడా రుజువు కాదు. అందుకే పెదనాన్నకి రైల్వే వాళ్ళ `NTES` యాప్‌లో ఆయన బండి పరిస్థితి విడిగా చూసి చెప్పాను. గ్రూపులో మాత్రం నకలు లింకు, దాని తేదీ, "ఇది 2021 వరద ఫోటో, అదే పడుగుపాడు" అన్న ఒక్క వాక్యం పెట్టాను. మీరు పెట్టేటప్పుడు కూడా అసలు సైట్ లింకుతో పాటు నకలు లింకు పెట్టండి. నకలు లేకపోతే అదే `web.archive.org` లో `Save Page Now` దగ్గర చిరునామా పెట్టి అప్పటికప్పుడు ఒకటి తీయించుకోవచ్చు. చిన్న సైట్లు పాత పేజీలు తరచుగా తీసేస్తుంటాయి, మళ్ళీ తుపాను వచ్చి అదే ఫోటో తిరిగినప్పుడు మీ దగ్గర లింకు ఉంటుంది.