నిఘంటువులో దొరకని ‘నాసతో’

*‘నాసతో విద్యతే భావో నాభావో విద్యతే సతః’ అన్న గీతాశ్లోకాన్ని తెలుగు చేద్దామని కూర్చున్నాను. మొదటి మాట ‘నాసతో’యే నిఘంటువులో లేదు. దీన్ని ఎక్కడ వెతకాలి?*

నిఘంటువు కాసేపు పక్కన పెట్టండి. ‘నాసతో’ ఒక్క మాట కాదు, అందుకే దొరకలేదు. చివరి నుంచి మొదలుపెడితే సులువు. ‘తో’ తర్వాత ‘విద్యతే’లోని వకారం ఉంది. అకారం మీది విసర్గ ఇలాంటి అక్షరం ముందు ‘ఓ’ అవుతుంది కాబట్టి అసలు రూపం ‘నాసతః’. ఇక మొదటి ‘నా’. ఆ దీర్ఘంలో న + అసతః ఉండొచ్చు, న + ఆసతః కూడా ఉండొచ్చు. పంక్తి చివర ‘సతః’ కనిపిస్తోంది కదా, దానికి ఎదురుమాట ‘అసతః’. సందేహం అక్కడే తీరింది. ‘నాభావో’ కూడా ఇలాగే న + అభావః.

ఇప్పుడు అర్థం వస్తుంది: లేనిదానికి ఉనికి లేదు, ఉన్నదానికి లేకపోవడం లేదు.

శ్లోకం రెండో పంక్తిలో ‘దృష్టోఽన్తస్త్వనయోః’ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఇందులో దృష్టః, అన్తః, తు, అనయోః అని నాలుగు మాటలున్నాయి. ‘స్త్వ’ను చూసి ‘త్వం’ (నువ్వు) అనుకుని పొరబడేవాళ్లను చూశాను. అది తు + అ, ఉకారం వకారమైంది. ‘అన్తః’ దగ్గర మరో చిక్కుంది. ‘లోపల’ అనే అవ్యయం కూడా ఇక్కడ ఇదే రూపంలో ఉంటుంది. సంధి ఒక్కటే చూస్తే ఏదో తేలదు, విభక్తి చూడాలి. ‘దృష్టః’ పుంలింగ ప్రథమ, దానితో అన్వయించే ప్రథమావిభక్తి నామవాచకం కావాలి. కనుక ఇది ‘అన్తః’ అనే నామవాచకమే, అంటే ముగింపు, నిర్ణయం. ఈ రెండింటి తత్త్వం ఏమిటో తత్త్వం ఎరిగినవాళ్లు తేల్చారు అని భావం.

విడదీయడంతో అన్నీ తేలిపోతాయనుకోవద్దు. మొదటి పాదాన్నే మధ్వాచార్యులు ‘విద్యతే + అభావః’ అని విడదీశారు. ఏకారం తర్వాతి అకారం లోపిస్తుంది కాబట్టి వినడానికి రెండూ ఒకటే, అక్షరాల లెక్కా మారదు. ఛందస్సు సాయానికి రాదు. అవగ్రహం (ఽ) లేదు కదా అనీ అనలేం, రాతప్రతుల్లో దాన్ని చాలాసార్లు రాయరు. ఆయన దృష్టిలో అసత్తు అంటే అవ్యక్తమైన కారణం, దానికీ నాశం లేదు. శంకరులు ‘భావః’ అనే తీసుకున్నారు. సత్తు, అసత్తు ఎదురెదురుగా నిలిచాయి కాబట్టి భావం, అభావం కూడా ఎదురెదురుగా ఉండటమే నాకు సహజంగా తోస్తుంది. మీరు ఏది ఎంచుకున్నా అనువాదం పైన పదవిభాగం రాసి పెట్టండి. అది లేకపోతే మీ తెలుగు వాక్యం ఎటు నుంచి వచ్చిందో చదివేవాళ్లకు తెలిసే దారి ఉండదు.