కథలో సంఘర్షణ ఏ రకమో తేల్చుకోవాలంటే చివరికి ఏది తేలిందో చూడాలి

"మా పాప తొమ్మిదో తరగతి. సోమవారం ఇంగ్లీష్ క్విజ్‌లో ఒక చిన్న కథ ఇచ్చి అందులో కాన్‌ఫ్లిక్ట్ ఏ రకమో రాయమంటారట. మనిషికీ మనిషికీ, మనిషికీ ప్రకృతికీ, మనిషికీ సమాజానికీ, తనతో తనకే అని పేర్లు నాలుగూ గడగడా చెప్తుంది, కథ చేతికిస్తే మాత్రం తికమకపడుతోంది. ఎలా చెప్పాలి?"

నేను కావలిలో హైస్కూల్ పిల్లలకు ఇంగ్లీష్ ట్యూషన్ చెప్తాను. ఈ తికమక ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తుంటాను. పిల్లలు కథలో ఏం కనిపిస్తే దాని పేరు రాసేస్తారు. సముద్రం కనపడితే ప్రకృతి, ఎవరో ఒకరు తిడితే మనిషికీ మనిషికీ, ఊరి పెద్దలొస్తే సమాజం. వాళ్లు చూడాల్సింది వేరే. ముఖ్యపాత్రకి ఏం కావాలి, దానికి అడ్డం పడుతున్నదేంటి, కథ చివర్లో తేలింది ఏ గొడవ? ఈ మూడో ప్రశ్న దగ్గరే జవాబు దొరుకుతుంది.

మా ట్యూషన్‌కి సముద్రం ఒడ్డునున్న తుమ్మలపెంట వైపు నుంచి కూడా పిల్లలు వస్తారు కాబట్టి వాళ్లకి తెలిసిన విషయంతోనే ఒక కథ అల్లి చెప్తాను, మీరు మీ పాపకి ఇదే చెప్పి చూడండి. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవలతో వేటకి పోకూడదు కదా. ఆ రోజుల్లో జరిగే కథ ఇది. కోటయ్యకి ఒక ఇంజన్ బోటు ఉంది, కూతురి కాలేజీ ఫీజు కట్టడానికి డబ్బుల్లేవు. బావమరిది శీనయ్య "రాత్రికి పోయొద్దాం బావా, ఎవురు చూస్తారు" అంటాడు. నిషేధం అయ్యేదాకా ఎవరూ పడవ దించకూడదని ఊరి పెద్దలు ముందే తీర్మానం చేసి ఉన్నారు. ఆ రాత్రి గాలి మళ్లింది, అలలు పెద్దవవుతున్నాయి. ఒడ్డున ఇంకెవరూ లేరు. కోటయ్య పడవ తాడు విప్పాడు, కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, వలలో పడే గుడ్ల చేపలు గుర్తొచ్చాయి, ఫీజు గుర్తొచ్చింది, తాడు మళ్లీ కట్టేశాడు. శీనయ్య నాలుగు మాటలని వెళ్లిపోయాడు. కోటయ్య ఇంటికొచ్చి, ఫీజుకి ఇంకో దారి చూద్దామని కూతురితో చెప్పాడు. కథ అంతే.

ఇది ఏ రకం అని అడిగితే మూడు జవాబులొస్తాయి. ఇక్కడ ఒక్కో అడ్డాన్నీ కథలోంచి తీసి చూడమనండి. అలలు తీసేసి సముద్రాన్ని ప్రశాంతంగా పెట్టండి, కోటయ్య తాడు విప్పి కట్టడం మారదు, కాబట్టి ఇక్కడ సముద్రం కథ జరిగే చోటు మాత్రమే. శీనయ్యని తీసేయండి, ఫీజు బాధ అలాగే ఉంది, ఆ ఆలోచన కోటయ్యకి తనంతట తనకే రాగలదు, పైగా శీనయ్య మాటని పక్కన పెట్టడానికి కోటయ్య పెద్దగా కష్టపడలేదు. ఇక ఊరి తీర్మానం. తెలివైన పిల్లలు కూడా ఆగిపోయేది ఇక్కడే, ఎందుకంటే తీర్మానం తీసేస్తే కథ సగం పోతుంది కదా అంటారు. నిజమే, కానీ ఆ రాత్రి ఊరు వచ్చి అతని చెయ్యి పట్టుకోలేదు. ఆ నియమం సబబే అని కోటయ్యే నమ్ముతున్నాడు, అయినా డబ్బు కావాలి. రెండు కోరికలూ అతనివే. కథ తేలింది తాడు మళ్లీ కట్టిన క్షణంలో, ఆ నిర్ణయం తీసుకున్నది అతనొక్కడే. అందుకే ఇది తనతో తనకే జరిగే సంఘర్షణ.

ఇప్పుడు అదే కథని కాస్త మార్చండి. కోటయ్య వేటకి పోయొచ్చాడు. పెద్దలు జరిమానా వేశారు, అతని చేపలు ఎవరూ కొనకూడదన్నారు, రేవులో పలకరించేవాళ్లు లేరు. ఆకలికి పోతే తప్పేంటని అతను పంచాయతీలో నిలబడి అడిగాడు. ఇది మనిషికీ సమాజానికీ. ఇంకొంచెం మార్చి, పెద్దల్లో ఒకాయనకి కోటయ్యతో పాత స్థలం తగాదా ఉందనీ, దొంగచాటుగా వేటకి పోయినవాళ్లు పదిమంది ఉన్నా ఆయన కోటయ్య పేరొక్కటే పైకి తెచ్చాడనీ పెట్టండి, అప్పుడది మనిషికీ మనిషికీ అయిపోతుంది. ఈ రెండింటి మధ్యే పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకుంటారు. దానికి నేను చెప్పే గుర్తు ఒకటే, ఆ పెద్దమనిషి కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టి చూడండి. ఎవరు కూర్చున్నా అదే జరిమానా పడుతుందంటే అడ్డం ఉన్నది సమాజం, మనిషి మారగానే గొడవ పోతుందంటే అడ్డం ఉన్నది ఆ మనిషి. కథలో పోలీసో, హెడ్‌మాస్టరో, తండ్రో ఎదురుపడినప్పుడు కూడా ఇలాగే చూడాలి.

ప్రకృతి అయితే తేలిక. కోటయ్య నడిసముద్రంలో ఉండగా ఇంజన్ ఆగిపోయి, గాలి పడవని ఇంకా సముద్రం లోపలికే నెడుతుంటే తెల్లారేదాకా తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకి చేరాలని పాట్లుపడితే అది ప్రకృతితో. గాలివాన వచ్చి బస్సు లేటయితే మాత్రం కాదు.

తనతో తనకే అనే రకంలో ఇంకో పొరపాటు జరుగుతుంది, అది కూడా చెప్పండి. పాత్ర ఏడ్చినా, దిగులుపడినా, టెన్షన్ పడినా వెంటనే అంతర్గత సంఘర్షణ అని రాస్తారు. బాధ ఒక్కటే ఉంటే సరిపోదు, రెండు వైపులా లాగేవి ఉండాలి, వాటిలో ఒకటి ఎంచుకోక తప్పని పరిస్థితి ఉండాలి. కూతురి ఫీజు కట్టలేకపోయానని కోటయ్య రాత్రంతా కుమిలిపోయాడంటే అది దుఃఖం. కట్టాలా వద్దా, పోవాలా మానాలా అని ఊగితే అది సంఘర్షణ. కథ చదివేటప్పుడు 'అయినా', 'కానీ', 'ఏం చెయ్యాలి' లాంటి మాటలొచ్చే వాక్యాల కింద పెన్సిల్‌తో గీత పెట్టుకోమనండి, జవాబుకి ఆధారం ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది.

క్విజ్‌లో రాసి వివరించమంటే రకం పేరు ఒక్కటే రాసి వదిలెయ్యొద్దు. ఎవరు, ఏం కావాలనుకున్నారు, ఏది అడ్డం వచ్చింది, కథలో ఏ పనిలో అది కనపడింది, ఇవి రెండు వాక్యాల్లో పట్టేస్తాయి. పై కథకైతే నేను ఇలా రాయిస్తాను: "కోటయ్యకి కూతురి ఫీజు కోసం వేటకి పోవాలనుంది, కానీ నిషేధకాలంలో పోవడం తప్పని అతనే నమ్ముతున్నాడు. ఎవరూ ఆపకపోయినా విప్పిన తాడు తిరిగి కట్టడంలో అతని సంఘర్షణ తనతోనే అని తెలుస్తోంది."

కొన్ని కథల్లో నిజంగానే రెండు రకాలుంటాయి, అందులో తప్పేం లేదు. ఆప్షన్లు ఇచ్చి ఒకటే పెట్టమంటే చివర్లో తేలినదాన్ని పెట్టాలి, రాయమంటే దాన్ని ముందు రాసి రెండోదాన్ని ఒక వాక్యంలో చేర్చొచ్చు. విధితో, యంత్రాలతో అని ఇంకొన్ని రకాలు కలిపి చెప్పే టీచర్లూ ఉంటారు, మీ పాప నోట్స్‌లో ఏ పేర్లు రాయించారో చూసి ఆ పేర్లే వాడమనండి.