√(x+5) > x − 1: వర్గం చేస్తే సగం జవాబే వస్తోంది

«అన్నా, √(x+5) > x − 1 ని రెండు వైపులా వర్గం చేస్తే నాకు (−1, 4) వచ్చింది. కీలో [−5, 4) అని ఉంది. కీ తప్పా? – కావలి, ఇంటర్»

కీ కరెక్టే తమ్ముడూ. కుడివైపు x − 1 రుణాత్మకమవుతుందేమో చూడకుండానే వర్గం చేసేశావు, తేడా అక్కడే. రెండు వైపులా సున్నా లేదా ధనాత్మకమైతేనే వర్గం చేసినా గుర్తు అలాగే నిలుస్తుంది.

1. ముందు ప్రదేశం: x + 5 ≥ 0, అంటే x ≥ −5.

2. x < 1 అయితే కుడివైపు రుణాత్మకం. వర్గమూలం ఎప్పుడూ రుణాత్మకం కాదు కాబట్టి వర్గం చేయకుండానే అసమీకరణం నిజం. [−5, 1) మొత్తం సాధనే. అందరూ వదిలేసేది ఈ ముక్కనే. x = −4 పెట్టి చూడు: 1 > −5, నిజమే. నీ జవాబులో అది లేదు.

3. x ≥ 1 అయితే వర్గం చేయొచ్చు: x² − 3x − 4 < 0, అంటే −1 < x < 4. ఇందులో x ≥ 1 ఉన్నంతవరకే తీసుకో: [1, 4).

రెండూ కలిపితే [−5, 4). x = 4 దగ్గర 3 > 3 అవ్వదు, అందుకే అక్కడ ఓపెన్ బ్రాకెట్.

గుర్తు < అయితే కథ తిరగబడుతుంది. వర్గం చేస్తే x < −1 లేదా x > 4 వస్తుంది, కానీ x < −1 అంతా దొంగ సాధనే: x = −4 కి 1 < −5 అబద్ధం. అక్కడ x − 1 > 0 అని ముందే రాసుకోవాలి, జవాబు x > 4 మాత్రమే.