ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు పోయింది, క్రెడిట్ నోట్ తీసుకోవచ్చా?

ప్రశ్న: సార్, ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. కర్నూలులోని ఎలక్ట్రికల్ షాపు నుంచి కొన్న మోటార్ల బిల్లు రూ. 1,86,440. దీన్ని 2024 జూన్ 14న ఒకసారి, ఆగస్టు 9న మరోసారి నెఫ్ట్ చేశాం. ఇప్పుడు బయటపడింది. షాపాయన ‘తప్పు మీది, కావాలంటే జీఎస్టీ క్రెడిట్ నోట్ ఇస్తా, 2019 పాత బాకీ రూ. 22,000 పట్టుకుంటా’ అంటున్నాడు. ఓనర్‌కు ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: తప్పు మీదైనా డబ్బు మీదే. పొరపాటున డబ్బు అందుకున్నవాడు తిరిగి ఇవ్వాలని భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 72 చెబుతోంది. ఇచ్చినవాడు అజాగ్రత్తగా ఉన్నాడా లేదా అని అది అడగదు.

అయితే షాపాయనకు ఫోన్ చేసేముందు మీ పుస్తకాలు ఒకసారి తిరగేయండి. ఇలాంటివి ఎక్కువగా ఒకే దారిలో జరుగుతాయి. బిల్లు మొదట వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వస్తుంది, ఒకరు ‘1147’ అని ఎంట్రీ వేస్తారు. తర్వాత సరుకుతో అసలు కాగితం వస్తుంది, ఇంకొకరు ‘కేఈ/1147’ అని వేస్తారు. నంబర్లు వేరుగా కనిపిస్తాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ పట్టుకోదు. రెండు కొనుగోళ్లు, రెండు చెల్లింపులు ఉంటాయి కనుక లెడ్జర్ బ్యాలెన్స్ సున్నా. ఎవరికీ అనుమానం రాదు. అమ్మినవాళ్లు చూపిన బిల్లులన్నీ ఉండే ఆ నెలల జీఎస్టీఆర్-2బి తీసి చూడండి, అందులో బిల్లు ఒక్కటే ఉంటుంది. మీ ఖాతాలో రెండుంటే రెండో ఎంట్రీ రద్దు చేయండి. అప్పుడే లెడ్జర్‌లో రూ. 1,86,440 మీకు రావాల్సినట్టు తేలుతుంది.

రెండో ఎంట్రీ మీద రూ. 28,440 ఇన్‌పుట్ క్రెడిట్ కూడా తీసుకొని ఉంటే జీఎస్టీఆర్-3బి రిటర్నులో వెనక్కి ఇచ్చేయాలి. దాన్ని పన్ను కట్టడానికి వాడేసి ఉంటే ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది. డిపార్ట్‌మెంట్ నోటీసు వచ్చేదాకా ఆగకండి.

ఇక క్రెడిట్ నోట్. ఇక్కడే మీరు మోసపోయే అవకాశం ఎక్కువ. జీఎస్టీ చట్టం సెక్షన్ 34 కింద క్రెడిట్ నోట్ ఇవ్వాలంటే బిల్లులో విలువో పన్నో ఎక్కువ పడి ఉండాలి, లేదా సరుకు తిరిగి వెళ్లాలి, లేదా సరుకులో లోపం ఉండాలి. మీ బిల్లు సరైనదే, మోటార్లు మిల్లులోనే తిరుగుతున్నాయి. ఎక్కువైంది బిల్లు కాదు, చెల్లింపు. అయినా ఆయన పన్నుతో కలిపి నోట్ ఇచ్చాడనుకోండి, తన పన్ను రూ. 28,440 తగ్గించుకుంటాడు, మీరు అంతే మొత్తం నిజమైన కొనుగోలు మీది క్రెడిట్‌ను వదులుకోవాలి. అంటే మీ జేబులోంచి ఆయన జేబులోకి! ఒప్పుకోకండి. బ్యాంకు ద్వారా రిఫండ్ అడగండి. ఆయన దగ్గర మీరు ఎటూ కొంటూనే ఉంటారంటే, పన్ను ప్రస్తావన లేని మామూలు క్రెడిట్ నోట్ పూర్తి రూ. 1,86,440కి తీసుకుని, రాబోయే బిల్లుల్లో తగ్గించుకోవచ్చు. ఫలానా తేదీలోగా సర్దుబాటు కాని మొత్తం నగదుగా ఇస్తానని అందులోనే రాయించుకోండి. లేకపోతే అక్కర్లేని సరుకు కొనాల్సి వస్తుంది.

పాత బాకీ మాట ఇంత తేలిగ్గా నెగ్గదు. నెఫ్ట్ వివరాల్లోనో, మీరు పంపిన పేమెంట్ మెసేజ్‌లోనో ఆ బిల్లు నంబరు ఉందా చూడండి. ఫలానా బాకీకని చెప్పి ఇచ్చిన డబ్బును ఇంకో బాకీకి మళ్లించడానికి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 59 ఒప్పుకోదు. ఏమీ చెప్పకుండా ఇచ్చి ఉంటే మాత్రం అదే చట్టం సెక్షన్ 60 ఆయనకు కొంత బలమిస్తుంది. కాలం చెల్లిన బాకీకైనా జమ వేసుకోవచ్చు, కానీ అది నిజమైన బాకీ అయి ఉండాలి. ఆయన లెడ్జర్ కాపీ అడగండి. రూ. 22,000 అందులో ఎక్కడుందో చూపించమనండి. ఆ కాపీలో మీ రెండో చెల్లింపు జమ కూడా కనిపిస్తుంది, అది మీకే సాక్ష్యం.

గడువు మూడేళ్లు. పొరపాటు బయటపడిన రోజు నుంచి లెక్కించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 17 కింద వాదించవచ్చు. కానీ కాస్త జాగ్రత్తగా చూస్తే ముందే తెలిసేది కదా అని ఎదుటి వకీలు అడుగుతాడు. కాబట్టి 2027 ఆగస్టు 9ని ఆఖరి తేదీ అనుకోండి. ఆలోగా ‘ఇంత ఇవ్వాలి’ అని ఆయన సంతకంతో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ దొరికితే, సంతకం చేసిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

నోటి మాటకు లొంగకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. బిల్లు కాపీ, రెండు యూటీఆర్ నంబర్లున్న బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి. వడ్డీ కూడా కోరుతున్నామని నోటీసులో తప్పక రాయించండి, ఇలాంటి కేసులో వడ్డీ సాధారణంగా అలా రాతపూర్వకంగా అడిగిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. మీ మొత్తం రూ. 3 లక్షల లోపే కాబట్టి కమర్షియల్ కోర్టు, ముందస్తు మీడియేషన్ అవసరం లేదు, మామూలు సివిల్ దావా సరిపోతుంది. పోలీస్ స్టేషన్‌కు పోతే ‘ఇది సివిల్ మ్యాటర్’ అని పంపేస్తారు.